గట్టిపడ్డ చపాతీ, అడుగంటిన అన్నం: వండినవాళ్ళే ముందుగా వేసే జోకు చేసే పని

చపాతీ గట్టిగా వచ్చిందన్న సంగతి తినేవాళ్ళకు మొదటి ముక్క తుంచేటప్పుడు తెలుస్తుంది. వండినవాళ్ళకు అంతకంటే ముందే తెలుసు. పెనం మీద నుంచి తీసి పళ్ళెంలో వేసినప్పుడు వచ్చిన చప్పుడే చెప్పేస్తుంది. ఈ రెండింటి మధ్య ఒక నిమిషమో రెండు నిమిషాలో వ్యవధి ఉంటుంది. "ఇవాళ చపాతీలు కావు, పెంకులు కాల్చాను, పళ్ళు జాగ్రత్త" లాంటి మాట పుట్టేది ఆ వ్యవధిలోనే. పైకి ఇది నవ్వించడానికి అన్న మాటలా ఉంటుంది. నిజానికి అది భోజనానికి కూర్చున్న నలుగురినీ ఒక ఇరకాటం నుంచి బయటపడేస్తుంది. ఆ ఇరకాటం ఏమిటో చూస్తే జోకు ఎందుకు పండుతుందో, ఎప్పుడు పండదో రెండూ అర్థమవుతాయి.

తెలుగు ఇళ్ళలో కంచం ముందు కూర్చున్నవాళ్ళకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. మొదటిది, అన్నానికి వంక పెట్టకూడదు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో "అన్నం న నింద్యాత్" అని ఉంది. ఆ వాక్యం ఎక్కడిదో తెలియని ఇళ్ళలో కూడా "అన్నాన్ని అలా అనకూడదు, తప్పు" అనే మందలింపు పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది. రెండో కట్టుబాటును ఎవరూ పైకి చెప్పరు గానీ అంతే బలంగా ఉంటుంది: వడ్డించినవాళ్ళు "ఎలా ఉంది?" అని అడిగితే ఏదో ఒకటి చెప్పి తీరాలి. వంట బాగున్నప్పుడు ఈ రెండింటికీ పేచీ రాదు. బాగోనప్పుడు మాత్రం బాగుందంటే అబద్ధం, బాగోలేదంటే నింద, ఊరుకుంటే ఆ మౌనమే అన్నిటికంటే గట్టి విమర్శ.

వండినవాళ్ళు తమ వంట మీద తామే జోకు వేయగానే ఈ ముడి విడిపోతుంది. లోపం ఉందన్న మాట వండినవాళ్ళ నోటి నుంచే వచ్చేసింది కనుక తినేవాళ్ళు నిందించినట్టు కాదు, అబద్ధమాడే పనీ లేదు. వాళ్ళు నవ్వితే చాలు. ఆ నవ్వులో "అవును, గట్టిగానే ఉంది" అనే ఒప్పుకోలు, "అయినా పర్వాలేదు" అనే భరోసా రెండూ ఉంటాయి. మామూలు మాటల్లో ఈ రెండింటినీ ఒకేసారి చెప్పడం చాలా కష్టం.

ఈ చోట సంభాషణలను పరిశీలించే శాస్త్రం ఒక ఉపయోగపడే విషయం చెబుతుంది. అనిటా పొమరాంట్జ్ అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించిన పనిలో, మనుషులు ఒకరి అభిప్రాయానికి ఒకరు ఎలా ఒప్పుకుంటారో, ఎలా కాదంటారో రికార్డు చేసిన మాటల్లో గమనించారు. సాధారణంగా ఎవరైనా ఒక అభిప్రాయం చెబితే ఒప్పుకోవడం సులువు, కాదనడం కష్టం. కానీ ఎవరైనా తమను తాము తక్కువ చేసుకుని మాట్లాడితే ఈ వరస తిరగబడుతుంది. అప్పుడు కాదనడమే మర్యాద. "నాకు వంట రాదు" అని ఒకరంటే ఎదుటివాళ్ళు వెంటనే "అదేం లేదు, బాగానే చేస్తావు" అనాలి. అలా అనకుండా తటపటాయిస్తే ఒప్పుకున్నట్టే లెక్క.

గట్టి చపాతీ దగ్గర ఈ మర్యాద పనికిరాదు. ముక్క నోట్లో ఉండగా "అదేం లేదు, మెత్తగా ఉంది" అంటే ఎవరూ నమ్మరు. అందుకే వండినవాళ్ళు "నాకు చపాతీ చేయడం రాదు" అని చెప్పుకోవడానికీ, "పెంకులు కాల్చాను" అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి మాట ఓదార్పు అడుగుతుంది. రెండో మాట నవ్వు అడుగుతుంది. మొదటిది మనిషి గురించి, రెండోది వస్తువు గురించి. తినేవాళ్ళకు రెండో దానికి జవాబివ్వడం తేలిక.

ఒక ఇంటి రాత్రి భోజనాన్ని ఊహించుకుంటే ఇది వరసగా ఎలా నడుస్తుందో కనిపిస్తుంది. ఇంటావిడ పెళ్ళి పనుల మీద పుట్టింటికి వెళ్ళింది. ఆ పూట ఆయన చపాతీలు చేశాడు. డబ్బా మూత తీస్తూనే మొదలుపెట్టాడు.

"ముందే చెబుతున్నా, కిటికీ అద్దం పగిలితే ఇక కొనక్కర్లేదు. వీటిల్లో ఒకటి బిగించుకోవచ్చు."

కూతురు ఒకటి తీసి చూసి, "బిగిస్తే వెలుతురు రాదు కదా నాన్నా" అంది.

"ఎందుకు రాదే, మధ్యలో చిల్లులు పెట్టాడుగా మీ నాన్న" అని నానమ్మ.

"చిల్లులు కావమ్మా, గాలాడాలని వదిలాను."

కొడుకు పప్పు గిన్నెలోకి చూపించి, "ఇందాక వేసిన ముక్క ఇంకా తేలుతూనే ఉంది నాన్నా" అన్నాడు.

అందరూ నవ్వాక ఆయన, "పిండి కలిపిన వెంటనే ఒత్తేశాను. నాననివ్వాలన్న సంగతే గుర్తులేదు" అన్నాడు. నానమ్మ, "అదీ సంగతి. రేపు ఇంకాస్త నీళ్ళు పోసి మెత్తగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యరా. ఇప్పటికి పెరుగన్నం ఉందిగా, కానివ్వండి" అంది.

ఈ ఏడు మాటల్లో చాలా పని జరిగింది. మొదటి మాటలో ఆయన లోపాన్ని ప్రకటించడమే కాదు, మిగతావాళ్ళు దేని మీద జోకు వేయవచ్చో హద్దు కూడా గీశాడు. ఆయన పోల్చింది చపాతీని అద్దంతో. అందుకే కూతురు వెలుతురు గురించి మాట్లాడింది, నానమ్మ చిల్లుల దాకా వెళ్ళింది. ఒక్కరు కూడా "నీకు చేతకాదు" అనే వైపు పోలేదు. నానమ్మ మాటలో మాత్రమే "మీ నాన్న" వచ్చాడు, అదీ ఆమె తల్లి కనుక చెల్లింది. తర్వాత కీలకమైన మలుపు, ఆయన కారణం చెప్పడం. అక్కడితో ఆట ముగిసింది. ఆ మాట తర్వాత ఇంకొకరు కొత్త జోకు వేస్తే అది ఎబ్బెట్టుగా ఉండేది. చివరగా నానమ్మ ఇచ్చినవి రెండు: రేపటికి ఉపాయం, ఇవాళ్టికి పెరుగన్నం.

ఆ పెరుగన్నం చిన్న విషయం కాదు. కడుపు నిండే దారి ఇంకొకటి ఉన్నప్పుడే ఇలాంటి జోకు నిలబడుతుంది. పిల్లలు ఆకలితో నకనకలాడుతూ కూర్చున్నప్పుడో, చుట్టాలు బస్సు దిగి వచ్చినప్పుడో, ఇంట్లో ఇంకేమీ లేనప్పుడో అవే మాటలు అంటే బాధ్యత దులుపుకున్నట్టు వినిపిస్తుంది. తెలుగు భోజనంలో పెరుగు, ఊరగాయ, కారప్పొడి ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటాయి. ఒక వంటకం చెడినా భోజనం చెడదు. ఈ వెసులుబాటు మన ఇళ్ళ వంటింటి హాస్యానికి పెద్ద అండ.

చపాతీ ఎందుకు గట్టిపడుతుందో తెలిస్తే ఏ జోకు ఎంత కచ్చితమైనదో కూడా తెలుస్తుంది. ఎందుకంటే ఇంట్లో పుట్టే పోలికలు ఊరికే పుట్టవు, దాదాపు ప్రతి పోలికా ఒక రకం లోపాన్ని పట్టి చూపిస్తుంది. "అప్పడం", "పెంకు", "అట్ట" అన్నారంటే చపాతీ విరుగుతోందని అర్థం. "తోలు", "రబ్బరు", "చెప్పు అడుగు" అన్నారంటే విరగడం లేదు, సాగుతోంది, తుంచితే తెగడం లేదు. ఈ రెండింటి కారణాలు వేరు.

విరిగే చపాతీలో తడి అయిపోయింది. పిండిలో నీళ్ళు మొదటే తక్కువ పడి ఉండవచ్చు. పావు కిలో గోధుమపిండికి సుమారు 160 నుంచి 180 మిల్లీలీటర్ల నీళ్ళు పడతాయి. మిల్లులో రాతి మీద పట్టించిన పిండి ఇంకాస్త ఎక్కువే తాగుతుంది, ఎందుకంటే రాపిడికి గింజలోని పిండి రేణువులు నలిగి నీటిని ఎక్కువగా పీల్చుకుంటాయి. పొట్లం పిండికి అలవాటైన చెయ్యి మిల్లు పిండికి అదే కొలత పోస్తే ముద్ద గట్టిపడుతుంది. ఒత్తేటప్పుడు అంటుకుంటోందని పొడిపిండి మళ్ళీ మళ్ళీ చల్లితే ఉన్న తడి కూడా పోతుంది. వీటన్నిటికంటే తరచుగా జరిగేది పెనం సరిగా వేడెక్కకపోవడం. మాడుతుందేమోనన్న భయంతో మంట తగ్గించి చాలాసేపు ఉంచితే చపాతీ కాలదు, ఎండుతుంది. బాగా వేడెక్కిన పెనం మీద మొత్తం పని నిమిషం, నిమిషంన్నరలో అయిపోవాలి. అప్పుడే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై పొంగిస్తుంది, మిగిలిన తడి లోపలే ఉంటుంది. పెనం మీద చిటికెడు పిండి చల్లితే కొద్ది క్షణాల్లో రంగు మారాలి. తెల్లగా అలాగే ఉంటే ఇంకా వేడెక్కలేదు, పడగానే పొగొస్తే ఎక్కువైంది.

సాగే చపాతీ కథ వేరు. గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి పిసికినప్పుడు గ్లూటెన్ అనే వల అల్లుకుంటాయి. కలిపిన వెంటనే ఆ వల బిగుతుగా ఉంటుంది. ఒత్తితే చపాతీ మళ్ళీ ముడుచుకుంటుంది, మందంగా ఉండిపోతుంది, నమిలితే సాగుతుంది. 20 నుంచి 30 నిమిషాలు కప్పి ఉంచితే వల సడలుతుంది, పిండి రేణువులు కూడా నీటిని పూర్తిగా పీల్చుకుంటాయి. ముద్దను వేలితో నొక్కితే గుంట మెల్లగా పైకి రావాలి. టక్కున లేచిందంటే ఇంకా నానలేదు. చేసినప్పుడు మెత్తగానే ఉండి గంట తర్వాత గట్టిపడే రకం కూడా ఉంది. అది చల్లారుతున్నకొద్దీ పిండిపదార్థం మళ్ళీ గట్టి అమరికలోకి వెళ్ళడం వల్ల వస్తుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకే కాల్చిన వెంటనే గుడ్డలో చుట్టి మూత పెడతారు. గట్టిపడ్డదాన్ని కాస్త నీళ్ళు చిలకరించి మూతపెట్టి వేడిచేస్తే కొంత మెత్తబడుతుంది, ఎండి విరిగేదానికి మాత్రం ఈ వైద్యం పెద్దగా పనిచేయదు.

పై ఉదాహరణలో ఆయన "అద్దం" అన్నాడు, అంటే విరిగే రకం. కారణం మాత్రం నాననివ్వలేదని చెప్పాడు. నానమ్మ ఆ ఒక్క కారణంతో సరిపెట్టుకోలేదు, నీళ్ళు కూడా ఎక్కువ పొయ్యమంది. చిల్లులు, గట్టిదనం చూసి నీళ్ళు చాలలేదని ఆమెకు అర్థమైంది. అనుభవం ఉన్నవాళ్ళు జోకులోని పోలికను కూడా లక్షణంగా చదువుతారు.

ఆకారం మీద వేసే జోకులు ఈ కోవలోకి రావు. "ఆస్ట్రేలియా మ్యాపు", "శ్రీలంక" అనేవి చపాతీ బాగానే కాలినప్పుడు కూడా వేసేవి. తినడానికి అడ్డం రాని లోపం కనుక అందులో ఇరకాటమే లేదు. కొత్తగా చెయ్యి తిరుగుతున్న పిల్లలు మొదట ఈ జోకులే వేసుకుంటారు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. చపాతీ మీద ఇన్ని జోకులు పుట్టడానికి అది తెలుగు వరిభూముల్లో అంత పాత వంట కాకపోవడం ఒక కారణం. కోస్తా ఇళ్ళలో అన్నం వండడం తల్లి నుంచి, అమ్మమ్మ నుంచి చూసి నేర్చుకున్న పని. చపాతీ రాత్రిపూట ఫలహారంగా, తర్వాత షుగరు ఉన్నవాళ్ళకు డాక్టర్లు చెప్పిన తిండిగా ఎక్కువ ఇళ్ళలోకి వచ్చింది. అది చెడితే వంశంలో వచ్చిన విద్య పోయిందని ఎవరూ అనుకోరు. తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె చేతితో తట్టడం నిజమైన పాత విద్య. అక్కడ రొట్టె పగిలితే దాన్ని గోధుమ చపాతీ అంత తేలిగ్గా తీసుకోరు. పైగా గట్టిదనమే ఎప్పుడూ లోపం కాదు. ఉత్తర కర్ణాటకలోనూ దాని సరిహద్దు ప్రాంతాల్లోనూ కడక్ జొన్నరొట్టె గట్టిగా ఎండేలా చేసుకుని రోజుల తరబడి నిల్వ ఉంచుకుంటారు. అక్కడ "పెంకులా ఉంది" అంటే మెచ్చుకున్నట్టే.

అన్నం మాడినప్పుడు వేసే జోకు నిర్మాణమే వేరు. చపాతీ గట్టిపడిన సంగతి వండినవాళ్ళకే ముందు తెలుస్తుంది కనుక మొదటి మాట వాళ్ళ చేతిలో ఉంటుంది. మాడు వాసన ఆ అవకాశం ఇవ్వదు. వంటింట్లోకి పరుగెత్తేలోపే అది హాల్లోకి, మెట్ల మీదికి వెళ్ళిపోతుంది. "ఏదో మాడుతున్నట్టుంది" అని మొదట అనేది వేరేవాళ్ళు. అంటే లోపం ప్రకటించడం వండినవాళ్ళ చేతిలోంచి జారిపోయింది. ఇక వాళ్ళ జోకు ప్రకటనగా రాదు, జవాబుగా వస్తుంది. అందుకే అడుగంటిన అన్నం మీద పోలికలు తక్కువ, కథలు ఎక్కువ. "ఫోన్లో అక్క పెళ్ళిసంబంధం చెబుతోంది. అబ్బాయి జీతం దాకా వచ్చేసరికి ఇక్కడ అన్నం అడుగంటింది" అన్నట్టుగా, దృష్టి ఎక్కడికి పోయిందో చెప్పే కథ అది.

కుక్కర్లో నేరుగా వండినప్పుడు జరిగే ఒక మామూలు ప్రమాదాన్ని చూస్తే ఈ కథలో నిజం ఎంతో తెలుస్తుంది. మూతలోని రబ్బరు గ్యాస్కెట్ పాతబడి గట్టిపడితే మూత అంచు నుంచి ఆవిరి కారుతూ ఉంటుంది. లోపల ఒత్తిడి పెరగదు, విజిల్ రాదు. వండేవాళ్ళు చెవితో లెక్కపెడుతుంటారు, మూడు విజిళ్ళు రావాలి, ఒక్కటీ రాలేదు, ఇంకా టైముందని వేరే పనిలో పడతారు. నీళ్ళు మాత్రం ఆవిరై పోతూనే ఉంటాయి. నీరు ఉన్నంతసేపు గిన్నె అడుగు వేడి నీటి మరుగు స్థాయిని పెద్దగా దాటదు. నీరు ఇంకిపోగానే అడుగు వేడి గబగబా పెరుగుతుంది. మొదట మెతుకులు ఎర్రబడతాయి, కమ్మటి వాసన వస్తుంది. కొద్ది నిమిషాల్లో అది చేదుగా మారుతుంది. కమ్మటి వాసన దగ్గరే పట్టుకుంటే స్టవ్ ఆపి కాపాడుకోవచ్చు. మూత అంచున బుడగలు, ఆవిరి కారిన తడి చార కనబడితే, బరువు కదలకుండా ఉంటే విజిల్ కోసం ఎదురుచూడకూడదు.

ఇలాంటప్పుడు ఎక్కువగా వినిపించేది "కుక్కరు కూత మర్చిపోయింది" అనే మాట. తప్పు వస్తువు మీద వేయడం "ఆడలేక మద్దెల ఓడు" అనే సామెతను గుర్తుచేస్తుంది. చాలామంది ఆ సామెతను కూడా తామే అనేసుకుంటారు. వేరేవాళ్ళు అంటే అది ఎత్తిపొడుపు. వండినవాళ్ళే "మద్దెల ఓడేలే" అంటే, తప్పు తమదేనని ఒప్పుకుంటూనే గ్యాస్కెట్ మార్చాలన్న సంగతి కూడా ఇంట్లో అందరికీ చెప్పినట్టవుతుంది.

మాడిన అన్నం దగ్గర జోకు కంటే ముందు చేయాల్సిన పని ఉంటుంది కూడా. గిన్నెను వెంటనే దించి, గరిటెతో అడుగు కదపకుండా, పైన ఉన్న అన్నాన్ని వేరే గిన్నెలోకి తీసుకోవాలి. అడుగు గోకితే చేదు మొత్తం కలుస్తుంది. ముందు గిన్నె దించకుండా నవ్విస్తే ఇంట్లోవాళ్ళకు చిరాకే వస్తుంది. చపాతీకి ముందు మాట, అన్నానికి ముందు చెయ్యి.

ఎవరు ఆ జోకును అందుకోవచ్చన్నది కూడా బంధాన్ని బట్టి ఉంటుంది. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో హాస్య సంబంధాల గురించి రాస్తూ, కొన్ని బంధాల్లో వేళాకోళం చేయడానికి సమాజమే అనుమతి ఇస్తుందని, అవతలివాళ్ళు నొచ్చుకోకూడదన్నది కూడా ఆ ఒప్పందంలో భాగమని వివరించారు. తాతలు మనవలు, బావామరదళ్ళు తెలుగు ఇళ్ళలో అలాంటివాళ్ళే. బావ "ఈ చపాతీ రేపు పొలం గట్టుకు హద్దురాయిగా పాతొచ్చు" అంటే చెల్లుతుంది. అదే మాట మామగారు కోడలితో అంటే ఆ గది చల్లబడుతుంది. మాట ఒకటే, దాన్ని అనడానికి ఆయనకున్న చనువు వేరు.

చనువు ఉన్నవాళ్ళకు కూడా ఒక హద్దుంది. జోకును మొదలుపెట్టే హక్కు వండినవాళ్ళది, ముగించే హక్కూ వాళ్ళదే. వాళ్ళు కారణం చెప్పారంటే ముగించారన్నమాట. వారం తర్వాత చపాతీలు మెత్తగా వచ్చిన రోజున కూడా ఎవరో "ఇవాళ అద్దాలు లేవా?" అన్నారనుకోండి, అది ఇక స్వయంపరిహాసం కాదు. ఒకరు తమ మీద తాము వేసుకున్న మాటను ఇంకొకరు తీసుకుని వాళ్ళ మీద వాడటం. పిల్లలు వంట మానేసే ఇళ్ళలో ఇదే జరుగుతుంటుంది. మొదటి రోజు తాము నవ్వుతూ అన్న మాట పేరై అతుక్కుంటుందని తెలిశాక పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి కాదు.

నవ్వు వినిపించిన ప్రతిచోటా నవ్వకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. సంభాషణలను పరిశీలించిన గెయిల్ జెఫర్సన్ 1984లోనే ఒక విషయం చూపించారు: కష్టం చెప్పుకునేవాళ్ళు మధ్యలో చిన్నగా నవ్వుతారు, వినేవాళ్ళు మాత్రం నవ్వరు. చెప్పేవాళ్ళ నవ్వు "తట్టుకుంటున్నాను" అని చెప్పడానికి, కలిసి నవ్వమని పిలవడానికి కాదు. కంచాల దగ్గర ఈ రెండు నవ్వులనూ వేరు చేసే గుర్తు ఒకటుంది. పోలికతో, బొమ్మకట్టించే మాటతో వచ్చిన నవ్వు పిలుపు. "ఏదో ఇలా వచ్చింది" అని గిన్నె వైపు చూస్తూ నవ్విన నవ్వు పిలుపు కాదు. అక్కడ పోలిక లేదు, ఎవరూ అందుకోవడానికి ఏమీ లేదు. ఆ మాటకు తగిన జవాబు "ఇలా ఇవ్వు, పెరుగుతో తింటాను" అనడం, లేదా లేచి వెళ్ళి గిన్నె అందుకోవడం.

ఇప్పటివరకు చెప్పిన ఉదాహరణలో వండినది తండ్రి కావడానికి కారణం ఉంది. భారత ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. పైగా ఆ పనిలో అసలు పాల్గొనే మగవాళ్ళే తక్కువ. ఎప్పుడో ఒకసారి వండే మనిషికి వంట చెడితే పోయేదేమీ లేదు, వండాడన్నదే మెప్పు. ఆయన అద్దం జోకు తేలిగ్గా పండింది అందువల్లే. రోజూ వండే తల్లి అన్నం మాడ్చినప్పుడు అదే తేలిక ఉండదు, ఎందుకంటే ఆమె వంట బాగుండడం లెక్కలోకి రాదు, బాగోకపోవడం మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఆమె జోకు వేసినా అందులో సంజాయిషీ కలిసి ఉంటుంది. వినేవాళ్ళు గమనించాల్సింది అదే: జోకు వేయకపోయినా ఆమెకు ఆ పూట ఏమీ జరగదన్న నమ్మకం ఆమెకు ఉందా? ఆ నమ్మకం ఉంటే అది సరదా. లేకపోతే తిట్లు పడకముందే తానే తిట్టుకోవడం.

ఈ తేడా అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది కొత్తకోడలి విషయంలో. అత్తవారింట మొదటిసారి చపాతీలు గట్టిగా వస్తే ఆమెకు జోకు నోటికి రాదు, వచ్చినా అనలేదు. "పెంకులు కాల్చాను" అంటే ఆమె చులకనగా తీసుకుంటోందని అనుకోవచ్చు, లేదా ఆ మాటే రేపు చుట్టాల దగ్గర ఆమె మీద చెప్పుకోవచ్చు. లోపాన్ని ముందుగా ప్రకటించే దారి ఆమెకు మూసుకుపోయింది. తినేవాళ్ళకు అబద్ధమో నిందో మౌనమో తప్ప వేరే దారి మిగలలేదు. ఆ బిగువును ఆమె సడలించలేదు, పెద్దవాళ్ళే సడలించాలి.

చాలా ఇళ్ళలో అత్తగారు ఈ పని ఎంతో నేర్పుగా చేస్తారు. కంచంలోని చపాతీ గురించి ఆమె ఒక్క మాట కూడా అనదు. తన కథ చెబుతుంది. "నేనొచ్చిన కొత్తలో మీ మామయ్యగారి అన్నదమ్ములు నలుగురూ కూర్చున్నారమ్మా. ఎసట్లో బియ్యం పోసి నీళ్ళు తెచ్చుకుందామని బావి దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి సగం కుండ మాడు. పైపైన తీసి పెట్టాను గానీ మా ఆఖరి మరిది కంచం వాసన చూసి, వదినా, ఇవాళ పొగ పెట్టిన అన్నమా అన్నాడు." కథ నలభై ఏళ్ళ నాటిది కావచ్చు, ఎన్నోసార్లు చెప్పినది కావచ్చు. అందులో నవ్వులపాలైన మనిషి ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద. ఆ రోజు అన్నం మాడ్చిన మనిషి ఈ రోజు అందరికీ వండిపెట్టే మనిషి అయిందన్న సంగతి కోడలికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ కథకు అందరూ నవ్వుతారు, కోడలు కూడా. చపాతీ గురించి ఎవరూ ఏమీ అనలేదు, అయినా అది గట్టిగా ఉందని అందరూ ఒప్పుకున్నట్టే అయింది. సాధారణంగా ఆ తర్వాతే కోడలి నోటి నుంచి మొదటిసారి ఆ మాట వస్తుంది: "పిండి నానబెట్టలేదు అత్తయ్యా, టైము లేదనుకున్నాను." జోకు ఇంకా రాలేదు, కారణం మాత్రం వచ్చింది. రేపు ముద్ద కలిపేటప్పుడు అత్తగారు పక్కన నిలబడి, వేలితో నొక్కి గుంట ఎలా లేస్తుందో చూపించడానికి అది చాలు. జోకు వేయడానికి కోడలికి ఇంకో ఆరునెలలు పట్టవచ్చు. ఈలోగా ఆమె బదులు ఇంకెవరూ వేయకూడదు, ఆఖరి మరిది అయినా సరే.